కంపెనీ పాత చిరునామా ఎక్కడ దొరుకుతుంది?

ఒక కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకోవడం తేలికే. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో పేరు కొడితే మాస్టర్ డేటా వస్తుంది, అందులో చిరునామా ఉంటుంది. అదే కంపెనీ 2009 మార్చిలో ఎక్కడుండేదని అడిగితే మాత్రం ఆ పేజీ నోరు మెదపదు. చిరునామా మారినప్పుడల్లా పాతదాని మీద కొత్తది ఎక్కి కూర్చుంటుంది.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో పంపిన నోటీసు సరైన చోటికే వెళ్లిందని రుజువు చేసుకోవాల్సిన లాయరు ఉంటాడు. పాత దస్తావేజులో ఉన్న కంపెనీ, ఇప్పుడు అమ్మకానికి వచ్చిన కంపెనీ ఒకటేనా అని చూసే కొనుగోలుదారు ఉంటాడు. ఏ ట్రైబ్యునల్ బెంచికి వెళ్లాలో తేల్చుకోవాల్సిన అప్పులాడు ఉంటాడు. జవాబు రిజిస్ట్రార్ రికార్డుల్లోనే ఉంది, కానీ ఒకచోట లేదు. ఏ కాగితాన్ని నమ్మాలి, ఏ తేదీని పట్టుకోవాలి అన్నదాని మీద వాదాలు పెరిగి చిక్కుముడి పడింది.

## చట్టం ఏం రాయమంది

1956 కంపెనీల చట్టంలో 146వ సెక్షన్ రిజిస్టర్డ్ ఆఫీసుకు సంబంధించింది. మార్పు జరిగిన 30 రోజుల్లో ఫారం 18లో రిజిస్ట్రార్‌కు తెలపాలనేది నిబంధన. 2013 చట్టంలో ఆ స్థానం 12వ సెక్షన్‌కు, ఫారం ఐఎన్‌సీ-22కు వచ్చింది. గడువును మొదట 15 రోజులకు కుదించి, 2017 సవరణతో మళ్లీ 30 రోజులు చేశారు.

కంపెనీ మెమోరాండంలో పూర్తి చిరునామా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అందులో ఉండేది రాష్ట్రం పేరు ఒక్కటే. అందుకే ఒకే ఊళ్లో పది ఇళ్లు మారినా మెమోరాండం మీద గీత పడదు. ఆఫీసు ఎంత దూరం జరిగిందన్నదాన్ని బట్టి అది వదిలే జాడ కూడా మారుతుంది.

ఒకే ఊరి పరిధిలో మారితే బోర్డు తీర్మానం, ఐఎన్‌సీ-22 చాలు. ఊరి పరిధి దాటితే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. ఆ తీర్మానం ఎంజీటీ-14గా, పాత చట్టంలో అయితే ఫారం 23గా, విడిగా దాఖలవుతుంది. అదే రాష్ట్రంలో ఒక రిజిస్ట్రార్ పరిధి నుంచి ఇంకొకరి పరిధికి, అంటే ముంబై నుంచి పుణెకో చెన్నై నుంచి కోయంబత్తూరుకో, వెళ్తే రీజనల్ డైరెక్టర్ అనుమతి కావాలి. రాష్ట్రం దాటితే ఆ అనుమతితో పాటు మెమోరాండం సవరణ, పత్రికా ప్రకటన, కొత్త రాష్ట్రపు రిజిస్ట్రార్ ఇచ్చే కొత్త సర్టిఫికెట్ అన్నీ ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ కాగితాలు పెరుగుతాయి. కాబట్టి వెతికేవాడికి అన్నిటికన్నా కష్టమైనది పక్క వీధికి మారిన ఆఫీసే.

ఈ చట్టంలో ఒక విడ్డూరం ఉంది. కంపెనీ పేరు మార్చుకుంటే రెండేళ్ల పాటు పాత పేరును కూడా బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద చూపించాలి. చిరునామా మార్చుకుంటే అలాంటి బాధ్యత ఏదీ లేదు.

## కాగితం నుంచి పోర్టల్‌కు

2006లో ఎంసీఏ-21 వచ్చి ఫారాలు ఎలక్ట్రానిక్ దాఖలాలయ్యాయి. పాత చిరునామాలు వెతికేవాళ్లకు ఆ సంవత్సరమే అసలు సరిహద్దు. దాని తర్వాతి దాఖలాలు దాదాపు వరుసగా దొరుకుతాయి. ముందువాటిలో స్కాన్ చేసినవే కనిపిస్తాయి, అవి కూడా అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు. కొన్నింటికి 1980ల నాటి ఫారం 18 చక్కగా కనిపిస్తుంది, మరికొన్నింటికి ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, మెమోరాండం తప్ప ఏమీ ఉండవు. పోర్టల్‌లో లేదు కాబట్టి అసలు దాఖలు చేయలేదని తీర్పు చెప్పేయడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు.

రుసుము కట్టి పబ్లిక్ డాక్యుమెంట్లు తెరిచినప్పుడు అవి కొన్ని వర్గాలుగా విడగొట్టి కనిపిస్తాయి. సర్టిఫికెట్లు, డైరెక్టర్ల మార్పులు, ఇన్‌కార్పొరేషన్ పత్రాలు, ఛార్జి పత్రాలు, వార్షిక రిటర్నులు, ఇతర ఈ-ఫారాలు, ఇతర జతపత్రాలు. "చిరునామా మార్పులు" అన్న వర్గం మాత్రం లేదు. ఫారం 18 కొన్నిసార్లు ఇన్‌కార్పొరేషన్ పత్రాల్లో, కొన్నిసార్లు ఇతర ఈ-ఫారాల్లో తేలుతుంది. దానికి తోడుగా ఉండాల్సిన బోర్డు తీర్మానం జతపత్రాల్లో వేరేగా పడి ఉంటుంది. రెండు చోట్లా చూడకుండా జాబితా పూర్తయిందని అనుకోకూడదు.

## మూడు వాదాలు

మొదటి వాదం ప్రకారం నోటీసుల గొలుసే చరిత్ర. ఫారం 18లు, ఐఎన్‌సీ-22లు తేదీల వారీగా పేర్చితే సరిపోతుంది, మిగతావన్నీ ఊహాగానాలు. చట్టం మార్పును తెలియజేయమన్నది ఈ ఫారంలోనే కాబట్టి ఈ వాదానికి న్యాయబలం ఎక్కువ. ఫారం ఆలస్యంగా వచ్చినా, అసలు రాకపోయినా గొలుసు తెగిపోవడం దీని బలహీనత.

రెండో వాదం ఏటా తీసిన ఫొటోలాంటి కాగితాలను నమ్ముతుంది. వార్షిక రిటర్నులో, ఇప్పటి ఎంజీటీ-7లో, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా తప్పకుండా ఉంటుంది. బ్యాంకు అప్పు తీసుకుంటే ఛార్జి ఫారంలోనూ ఉంటుంది. ఏ కంపెనీ అయినా చిరునామా మార్పు నోటీసు మర్చిపోవచ్చు గానీ, ఏటేటా రిటర్ను వేసేటప్పుడు తానున్న చోటు రాయక తప్పదు కదా అన్నది వీళ్ల మాట. మాట బాగానే ఉంది. కానీ నిరుటి రిటర్నును నకలు చేసి తేదీ మార్చి వేసే అలవాటు మన దగ్గర తక్కువేం కాదు. ఆఫీసు ఖాళీ చేసి మూడేళ్లయినా పాత చిరునామాతోనే రిటర్నులు వెళ్లిన కంపెనీలు ఉంటాయి. పైగా రిటర్ను మార్పు ఏ రోజు జరిగిందో చెప్పదు, రెండు రిటర్నుల మధ్య ఎప్పుడో జరిగిందని మాత్రమే చెబుతుంది.

మూడో వాదం కాగితాన్నే అనుమానిస్తుంది. ఆ చిరునామాలో ఆఫీసు నిజంగా ఉందా అని అడుగుతుంది. ఉత్తుత్తి కంపెనీల గొడవ ముదిరాక ప్రభుత్వం ఈ వైపు మొగ్గింది. 2019లో ఐఎన్‌సీ-22ఏ అనే ఫారం తెచ్చి, 2017 చివరినాటికి నమోదైన కంపెనీలు ఆఫీసు ఫొటోలు, అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలని చెప్పారు. అనుమానం వస్తే రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూసే అధికారం 12వ సెక్షన్‌లో చేరింది. 2022లో వచ్చిన 25బి నిబంధన ఆ తనిఖీని స్థానికులైన ఇద్దరు సాక్షుల ముందు చేయాలని చెప్పింది. పాత చిరునామాలు వెతికేవాళ్లకు దీనివల్ల దక్కిన లాభం ఒక్కటే. 2019 నాటికి ఆ ఆఫీసు మ్యాపు మీద ఏ చుక్క దగ్గర ఉందో చాలా కంపెనీల విషయంలో రికార్డయింది. అంతకు ముందు కాలానికి ఈ వాదం ఏ సాయమూ చేయలేదు.

నా మటుకు మొదటి రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చదవడమే సరైన పద్ధతి అనిపిస్తుంది. రిటర్నులో చిరునామా మారి, ఆ రెండేళ్ల మధ్యలో నోటీసు లేకపోతే అక్కడ ఒక దాఖలా పోయింది, లేదా ఎగ్గొట్టారు. నోటీసు ఉండి తర్వాతి రిటర్నులో పాత చిరునామాయే కనిపిస్తే అది నకలు కొట్టిన రిటర్ను. ఇలా ఒకదాని తప్పును ఇంకొకటి పట్టిస్తుంది.

## ఒక కంపెనీ దారి వెంట

ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకుందాం. 1996లో విజయవాడ గవర్నర్‌పేటలో నమోదైంది. 2003లో హైదరాబాద్ అమీర్‌పేటకు, 2005లో కొండాపూర్‌కు, 2011లో బంజారాహిల్స్‌కు మారింది. ఈ కదలికలు ఏ జాడలు వదులుతాయో చూద్దాం.

1996 నాటి చిరునామా ఇన్‌కార్పొరేషన్ ఫారాలతో వచ్చిన ఫారం 18లో ఉంటుంది. 2003లో విజయవాడ నుంచి హైదరాబాద్ రావడం ఊరి పరిధి దాటడమే. కాబట్టి ప్రత్యేక తీర్మానం జరిగి ఉండాలి, ఫారం 23 దాఖలై ఉండాలి. కానీ అప్పటికి రెండూ ఒకే రాష్ట్రం, ఒకే రిజిస్ట్రార్. మెమోరాండం మారలేదు, కొత్త సర్టిఫికెట్ రాలేదు. ఫారం 18 స్కాన్ కాకపోయినా ఫారం 23 దొరికితే మార్పు ఎప్పుడు జరిగిందో దాదాపుగా పట్టుకోవచ్చు.

2005లో అమీర్‌పేట నుంచి కొండాపూర్ వెళ్లడం ఇప్పుడు చూస్తే ఊళ్లో ఊళ్లో మార్పులా ఉంటుంది. అప్పటికి అలా కాదు. శేరిలింగంపల్లి అప్పుడు విడి మున్సిపాలిటీ, 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు అందులో కలిసింది. అందువల్ల 2005 మార్పుకు ప్రత్యేక తీర్మానం జాడ వెతకాలి. అదే కొండాపూర్ నుంచి 2011లో బంజారాహిల్స్‌కు వచ్చినప్పుడు అంతా గ్రేటర్ పరిధిలోనే కాబట్టి బోర్డు తీర్మానం, ఫారం 18 తప్ప ఇంకేమీ ఉండనక్కర్లేదు. 2005 నాటి ప్రత్యేక తీర్మానం కనిపించకపోతే అనుమానించాలి, 2011ది కనిపించకపోతే అది సహజం. ఊరి సరిహద్దుల చరిత్ర తెలియకుండా రిజిస్ట్రీ కాగితాలు చదివితే ఈ తేడా అందదు.

ఇదే కంపెనీ విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఇప్పుడు మారితే కథ మొత్తం వేరు. ఇప్పుడది రాష్ట్రం దాటడం. రీజనల్ డైరెక్టర్ ఉత్తర్వు, పత్రికా ప్రకటన, కొత్త సర్టిఫికెట్, కొత్త సీఐఎన్ అన్నీ కావాలి. ఒకే దూరం, ఒకే రహదారి, రికార్డులో మాత్రం పొంతన లేదు.

## కదలని ఆఫీసు, మారిన చిరునామా

కంపెనీ గుర్తింపు సంఖ్య, అంటే సీఐఎన్, ఇరవై ఒక్క అక్షరాలది. లిస్టయిందో లేదో తెలిపే మొదటి అక్షరం, పరిశ్రమ కోడు, రాష్ట్రం కోడు, నమోదైన సంవత్సరం, కంపెనీ రకం, చివర ఆరంకెల రిజిస్ట్రేషన్ నంబరు. పాత చిరునామాలు వెతికేవాళ్లు ముందు ఇందులోని రాష్ట్రం కోడునే చూస్తారు. అది మారితే ఆఫీసు రాష్ట్రం దాటిందని లెక్కవేస్తారు. తెలుగు రాష్ట్రాల కంపెనీల దగ్గర ఈ లెక్క తప్పుతుంది.

డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ సీఐఎన్ ఒకప్పుడు `L85195AP1984PLC004507`. ఇప్పుడది `L85195TG1984PLC004507`. రాష్ట్ర విభజన తర్వాత కోడు మారిందే తప్ప కంపెనీ రాష్ట్రం దాటలేదు. దీని పక్కన భారతీ ఎయిర్‌టెల్‌ను పెట్టి చూడండి. ఢిల్లీలో ఉన్నప్పుడు `L74899DL1995PLC070609`, రిజిస్టర్డ్ ఆఫీసు గురుగ్రామ్‌కు మార్చాక `L74899HR1995PLC095967`. ఇక్కడ రాష్ట్రం కోడుతో పాటు చివరి ఆరంకెలు కూడా మారాయి, ఎందుకంటే కొత్త రాష్ట్రపు రిజిస్ట్రార్ తన రిజిస్టర్లో కొత్త నంబరు ఇచ్చాడు. రాష్ట్రం కోడు మారి చివరి ఆరంకెలు అలాగే ఉంటే అది విభజన ఫలితమని, రెండూ మారితే నిజంగా తరలిన ఆఫీసని పోల్చుకోవచ్చు. నమోదైన సంవత్సరం రెండు సందర్భాల్లోనూ మారదు.

డాక్టర్ రెడ్డీస్ కాగితాల్లోనే అసలైన మార్పు కూడా ఒకటుంది. 2000ల నాటి పత్రాల్లో 7-1-27, అమీర్‌పేట అని ఉంటుంది, ఆ తర్వాతి వాటిలో 8-2-337, రోడ్ నంబర్ 3, బంజారాహిల్స్ అని. బంజారాహిల్స్ చిరునామాకే తర్వాత ఆంధ్రప్రదేశ్ బదులు తెలంగాణ వచ్చి చేరింది. మూడు రూపాలు కనిపిస్తాయి గానీ ఆఫీసు కదిలింది ఒక్కసారే. అమెరికా స్టాక్ మార్కెట్‌లో కూడా లిస్టయిన కంపెనీ కాబట్టి అక్కడి నియంత్రణ సంస్థకు ఏటా ఇచ్చే 20-ఎఫ్ నివేదిక ముఖపత్రం మీదా చిరునామా దొరుకుతుంది. అయితే అక్కడ అడిగేది ప్రధాన కార్యనిర్వాహక కార్యాలయం, రిజిస్టర్డ్ ఆఫీసు కాదు. చాలా కంపెనీలకు రెండూ ఒకటే. ఒకటి కాని కంపెనీలు కూడా ఉంటాయి కాబట్టి దాన్ని సాక్ష్యంగా కాకుండా సూచనగానే తీసుకోవాలి.

జిల్లాల పేర్లు ఇంకో తలనొప్పి. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు పది నుంచి ముప్పై ఒకటయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు కాస్తా ఇరవై ఆరయ్యాయి. రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఫ్యాక్టరీ గేటు అంగుళం కదలకుండానే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. కొందరు ఇలాంటివాటికి కూడా ఐఎన్‌సీ-22 వేస్తారు, కొందరు వెయ్యరు. నోటీసుల సంఖ్య లెక్కపెట్టి ఈ కంపెనీ ఇన్నిసార్లు ఆఫీసు మార్చింది, ఏదో తేడాగా ఉంది అనేవాళ్లు ముందు ఇంటి నంబర్లు పోల్చి చూసుకోవాలి.

## ఏ తేదీ లెక్క?

ఒక్క మార్పుకు మూడు తేదీలుంటాయి. ఫలానా రోజు నుంచి అని ఫారంలో రాసినది, ఫారం దాఖలైనది, రిజిస్ట్రార్ రికార్డు చేసినది. బ్రిటన్ చట్టం ఇక్కడ స్పష్టంగా ఉంది. 2006 కంపెనీల చట్టం 87వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ నమోదు చేసినప్పుడే మార్పు అమల్లోకి వస్తుంది, ఆ తర్వాత కూడా 14 రోజుల వరకూ పాత చిరునామాకు ఇచ్చిన నోటీసు చెల్లుతుంది. పైగా అక్కడి కంపెనీస్ హౌస్ దాఖలాల జాబితాలో ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి, ఫలానా తేదీన అని ఒకే వరుసలో ఉచితంగా చూపిస్తారు.

మన 12వ సెక్షన్ మార్పు జరిగిన 30 రోజుల్లో తెలపమంటుంది. అంటే మార్పు ముందు, నోటీసు తర్వాత. ఆ మధ్యకాలంలో రిజిస్టర్‌ను చూసి పాత చిరునామాకు ఉత్తరం రాసినవాడి గతేమిటో అందులో లేదు. నోటీసు రెండేళ్లు ఆలస్యంగా వస్తే ఆ రెండేళ్లూ వెనక్కి తిరిగి మారిపోతాయి. రాష్ట్రం దాటే మార్పుకు మాత్రం చట్టమే వేరుగా ఉంది. మెమోరాండం సవరణ రిజిస్టరయ్యేదాకా దానికి చెల్లుబాటు లేదు. కాబట్టి ఒకే కంపెనీ చరిత్రలో కొన్ని మార్పులకు ఫారంలోని తేదీని, కొన్నింటికి రిజిస్ట్రేషన్ తేదీని తీసుకోవాలి. చిరునామాల పట్టిక తయారుచేసేవాళ్లు ఒక్క గడితో సరిపెట్టకుండా మూడు తేదీలకూ మూడు గడులు పెట్టుకోవడం మేలు.

పాత చట్టానికి ఈ ఇబ్బంది తెలుసు. కంపెనీ మూసివేత పిటిషన్లలో కోర్టు పరిధి తేల్చడానికి, పిటిషన్‌కు ముందు ఆరు నెలల్లో ఎక్కువ కాలం రిజిస్టర్డ్ ఆఫీసుగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోమని 1956 చట్టం 10వ సెక్షన్ చెప్పింది. కేసు వస్తుందని తెలిసి రాత్రికి రాత్రి ఊరు మార్చేవాళ్లకు అది అడ్డు. ఇప్పటి దివాలా చట్టం 60వ సెక్షన్ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్నచోటి ట్రైబ్యునల్ అని మాత్రమే అంటుంది, ఆరు నెలల మాట అందులో లేదు. విజయవాడ కంపెనీకి అమరావతి బెంచి, హైదరాబాద్ కంపెనీకి హైదరాబాద్ బెంచి అయినప్పుడు మార్పు తేదీకి విలువ మరీ పెరిగింది.

## ఇంకా తేలనివి

రిజిస్ట్రార్‌కు చెబితే లోకానికి చెప్పినట్లేనా? పన్ను వ్యవహారాల్లో కాదని సుప్రీంకోర్టు 2019లో ఐ-వెన్ ఇంటరాక్టివ్ కేసులో తేల్చింది. ఆ కంపెనీ పేరు, చిరునామా మార్చుకుని ఫారం 18 దాఖలు చేసింది. ఆదాయపు పన్ను శాఖ నోటీసు మాత్రం పాన్ రికార్డులో ఉన్న పాత చిరునామాకు వెళ్లింది. రిజిస్ట్రార్ దగ్గర ఫారం వేసినంత మాత్రాన పన్ను అధికారికి తెలిపినట్లు కాదని, పాన్ రికార్డులో మార్పించుకోనందువల్ల ఆ నోటీసు చెల్లుతుందని కోర్టు చెప్పింది. తీర్పు పన్ను నోటీసుల వరకే. కానీ దాని వెనకున్న తర్కం, ఏ శాఖ రికార్డు ఆ శాఖదే అన్నది, ఎంత దూరం వెళ్తుందన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. కాబట్టి 2009లో రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడన్న ప్రశ్నకు రిజిస్ట్రీ చెప్పే జవాబు సరైనదే అయినా, ఆ ఏడాది వెళ్లిన నోటీసు చెల్లుతుందా అన్న ప్రశ్నకు అదొక్కటే చాలకపోవచ్చు.

గోప్యత సంగతి ఇంకా తేలలేదు. చిన్న కంపెనీల్లో చాలావాటికి డైరెక్టర్ ఇల్లే రిజిస్టర్డ్ ఆఫీసు. మన ఐఎన్‌సీ-22కు అద్దె ఒప్పందం లేదా యాజమాన్య పత్రం, యజమాని అభ్యంతరం లేదనే లేఖ, రెండు నెలలు దాటని కరెంటు బిల్లు లాంటిది జత చేయాలి. కంపెనీతో ఏ సంబంధమూ లేని ఇంటి యజమాని వివరాలు అలా దాఖలాల్లోకి చేరతాయి, కంపెనీ ఖాళీ చేసి పోయినా అక్కడే ఉంటాయి. బ్రిటన్‌లో 2025 జనవరి నుంచి, ఒకప్పుడు రిజిస్టర్డ్ ఆఫీసుగా వాడిన ఇంటి చిరునామాను పాత పత్రాల్లో బయటికి కనపడకుండా చేయమని కోరే వీలు కల్పించారు. ఇల్లు మారినా పాత చిరునామా పట్టుకుని వేధించేవాళ్ల నుంచి అది రక్షణ. అప్పు ఎగ్గొట్టి పోయినవాడి జాడ వెతికేవాళ్లకు మాత్రం గొలుసులో ఒక కొక్కెం తక్కువవుతుంది. మన దగ్గర ఆ చర్చ ఇంకా మొదలు కావాల్సే ఉంది.